ముగ్గురికో బొమ్మ, ఆరుగురికో ట్రైనర్

సెమినార్ హాలులో కుర్చీలన్నీ గోడవారకు జరిపి, నేల మీద దుప్పటి పరిచి, నడుము వరకే ఉండే ప్లాస్టిక్ బొమ్మను పడుకోబెట్టారు. ఒక నర్సు మోకాళ్ల మీద కూర్చుని, చేతి మీద చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా దాని ఛాతీ మధ్యలో నొక్కుతోంది. ఛాతీ కనీసం అయిదు సెంటీమీటర్లు దిగితేనే లోపల 'టిక్' అంటుంది. నిమిషానికి 100 నుంచి 120 సార్లు అలా దిగాలి. ఆ వేగం తప్పితే బొమ్మకు అమర్చిన చిన్న దీపం రంగు మారుతుంది. రెండు నిమిషాలు గడిచేసరికి ఆమె నుదుట చెమట పట్టింది. పక్కన ఇద్దరు తమ వంతు కోసం చూస్తున్నారు.

పక్కన నిలబడింది ఇద్దరా, అయిదుగురా అన్నది ఆ రోజు హాలులో తేలిన విషయం కాదు. రెండు నెలల కిందట హెచ్ఆర్ విభాగానికి వెళ్లిన బడ్జెట్ కాగితం మీదే తేలిపోయింది.

ఉద్యోగుల శిక్షణకు ఎంత ఖర్చవుతుందో ముందే లెక్కగట్టి అనుమతి తీసుకోవడం ప్రతి సంస్థలోనూ ఉన్నదే. ట్రైనర్ ఫీజు, మెటీరియల్, ప్రయాణం, చివర తలకు ఎంత పడుతుందన్న అంకె, ఆ కాగితం మీద ఉండేవి ఈ నాలుగే. కానీ ఆ చివరి అంకె ఎక్కడి నుంచి వస్తుందో, ఎప్పుడు నమ్మాలో, ఎప్పుడు నమ్మకూడదో ఒక ఉదాహరణ పూర్తిగా వేసి చూస్తే తప్ప అర్థం కాదు. అందుకు ఆసుపత్రుల్లో నర్సులకు ఇచ్చే బేసిక్ లైఫ్ సపోర్ట్ శిక్షణ, అందరూ బీఎల్ఎస్ అనేది, బాగా సరిపోతుంది. గుండె ఆగిన మనిషికి మొదటి నిమిషాల్లో చేయాల్సిన పని అది.

విజయవాడలో 200 పడకల ప్రైవేటు ఆసుపత్రి ఒకటి ఉందనుకుందాం. అందులో 72 మంది స్టాఫ్ నర్సులకు ఈ శిక్షణ ఇప్పించాలి. ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే ఎన్ఏబీహెచ్ కూడా రోగిని నేరుగా చూసుకునే సిబ్బందికి సీపీఆర్ శిక్షణ ఉండాలంటుంది. కాబట్టి శిక్షణ కావాలా వద్దా అన్న చర్చ ఇక్కడ లేదు. ఎంతకు, ఎలా అన్నదే ప్రశ్న. కింద వచ్చే ధరలు లెక్క చూపడానికి వేసుకున్నవే. ఎవరి బడ్జెట్‌లో వాళ్లు తమకు వచ్చిన కొటేషన్ల అంకెలు పెట్టుకోవాలి.

లెక్క మొదలయ్యేది డబ్బుతో కాదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పద్ధతిలో నేర్పే బీఎల్ఎస్ తరగతిలో ఆరుగురికి ఒక ట్రైనర్ ఉండాలి, ముగ్గురికి ఒక బొమ్మ ఉండాలి. తరగతి దాదాపు నాలుగున్నర గంటలు. ఈ మూడు అంకెలు చేతికి వస్తే మిగతాదంతా వాటంతట అదే కుదురుకుంటుంది. పన్నెండు మందితో ఒక బ్యాచ్ పెట్టుకుంటే ఇద్దరు ట్రైనర్లు, నాలుగు బొమ్మలు కావాలి. 72 మందికి ఆరు బ్యాచ్‌లు. ఉదయం ఒకటి, మధ్యాహ్నం తర్వాత ఒకటి చొప్పున మూడు రోజుల్లో అయిపోతుంది.

ఇద్దరు ట్రైనర్లు హైదరాబాద్ నుంచి రావాలి. ఒక్కొక్కరికి రోజుకు రూ.12,000 అనుకుంటే మూడు రోజులకు రూ.72,000. దీని మీద 18 శాతం జీఎస్టీ రూ.12,960 కలిపితే రూ.84,960. బడ్జెట్లలో ఎక్కువగా పొరపాటు జరిగే చోటు ఇదే. మందులో, యంత్రాలో తయారుచేసి పన్ను కట్టి అమ్ముకునే ఫ్యాక్టరీ అయితే, ట్రైనర్ బిల్లు మీద కట్టిన జీఎస్టీని తాను కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు. దానికి ఆ ట్రైనర్ పడేది రూ.72,000కే. ఆసుపత్రికి ఆ వీలు లేదు. వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి, కట్టిన పన్నును తగ్గించుకోవడానికి ఎదురుగా వేరే పన్నంటూ లేదు. ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చిన హెచ్ఆర్ ఉద్యోగి పాత ఎక్సెల్ షీటునే ఇక్కడా వాడితే రూ.12,960 తక్కువ చూపిస్తాడు. బిల్లు వచ్చిన రోజు అకౌంట్స్ వాళ్లు పట్టుకుంటారు. అప్పటికి అనుమతి అయిపోయి ఉంటుంది.

టీడీఎస్ విషయం దీనికి పూర్తిగా వేరు. ప్రొఫెషనల్ ఫీజు ఏడాదికి రూ.50,000 దాటితే 10 శాతం పట్టి ప్రభుత్వానికి జమ చేయాలి. జీఎస్టీని బిల్లులో విడిగా చూపితే దాన్ని వదిలేసి అసలు ఫీజు మీదే పడుతుంది. ఇక్కడ రూ.7,200. ఇది ఆసుపత్రికి అదనపు ఖర్చు కాదు, ట్రైనర్ చేతికి వెళ్లాల్సిన దాంట్లోంచి పట్టుకునేది. అందుకే బడ్జెట్‌లో రూ.84,960 అలాగే ఉంటుంది. చిక్కల్లా ట్రైనర్ ఫోన్లో "నాకు చేతికి డెబ్భై రెండు వేలు రావాలండీ" అన్నప్పుడు, సరేనన్నవాళ్లకు ఆ మాట అర్థం తెలియకపోతే వస్తుంది. చేతికి 72,000 రావాలంటే బిల్లు 80,000కు రాయాలి. దాని మీద జీఎస్టీ కలిపితే రూ.94,400 అవుతుంది. 'చేతికి' అన్న ఒక్క మాట ఖరీదు రూ.9,440. కాబట్టి కొటేషన్ అడిగేటప్పుడే టీడీఎస్ పట్టకముందు ఎంత, జీఎస్టీ ఎంత అని రెండూ రాతలో తెప్పించుకోవాలి.

ప్రయాణానికి వద్దాం. హైదరాబాద్ నుంచి విజయవాడకు రైళ్లకు కొదవ లేదు. ఇద్దరికి టికెట్లు తీస్తే చాలనిపిస్తుంది. కానీ ఆ ఇద్దరి వెంట నాలుగు పెద్ద బొమ్మలు, నాలుగు పసిపిల్లల బొమ్మలు, గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రాల శిక్షణ నమూనాలు వస్తాయి. సూట్‌కేసుల్లాంటి ఆ పెట్టెలతో రైలెక్కమనడం కుదరదు. రానుపోను కారుకు రూ.12,000. మొదటి రోజు పొద్దున్నే తరగతి కాబట్టి ముందు రోజు సాయంత్రానికే దిగాలి, అంటే ఇద్దరికీ మూడేసి రాత్రుల హోటల్. గదికి రూ.2,500 చొప్పున రూ.15,000. భోజనాలకు మనిషికి రోజుకు రూ.750 వేస్తే రూ.4,500. హోటల్ నుంచి ఆసుపత్రికి ఆటోలకు మూడు రోజులకు రూ.1,500. మొత్తం రూ.33,000.

ఈ పద్దుకు చాలా కొటేషన్లలో ఒకే ముక్క ఉంటుంది: 'ప్రయాణం యాక్చువల్స్ ప్రకారం'. ఎంతైతే అంత అని దాని అర్థం. బడ్జెట్ రాసేవాళ్లు ఆ ముక్కను అలాగే ఎక్కించి పక్కన ఉజ్జాయింపుగా ఒక అంకె వేస్తారు. తర్వాత ట్రైనర్ చివరి నిమిషంలో విమానం టికెట్ తీసుకుంటే కాదనడానికి కాగితం మీద ఏమీ ఉండదు. యాక్చువల్స్ అన్నచోట గరిష్ఠం ఎంతో కూడా రాయించాలి. కారు ఏ రకం, గది ఎంతలోపు, ఎన్ని రాత్రులు అన్నవి వర్క్ ఆర్డర్‌లోకి ఎక్కితే తర్వాత మాటపట్టింపులు ఉండవు.

మెటీరియల్ అనగానే పెన్ను, పుస్తకం, ఫైలు గుర్తొస్తాయి. బీఎల్ఎస్‌లో మెటీరియలే అన్నిటికన్నా పెద్ద పద్దు. ప్రతి నర్సుకూ సొంతంగా పాఠ్యపుస్తకం ఉండాలన్నది ఈ కోర్సు నియమం. ముందు చదువుకోవడానికి, తరగతిలో చూసుకోవడానికి, తర్వాత దగ్గర ఉంచుకోవడానికి. ఒక పుస్తకం కొని జిరాక్సులు తీయిస్తే నియమమూ తప్పుతుంది, కాపీరైటూ తప్పుతుంది. పుస్తకం, పాసయ్యాక వచ్చే కార్డు కలిపి మనిషికి రూ.1,200 అనుకుందాం. నోటికి అడ్డుపెట్టే ఫేస్ షీల్డు, గ్లౌజులు, బొమ్మ లోపల మార్చే ఊపిరితిత్తుల సంచులు, తుడిచే స్పిరిట్ వైప్స్, వీటికి మరో రూ.150. తలకు రూ.1,350 చొప్పున 72 మందికి రూ.97,200. బొమ్మల అద్దె రోజుకు రూ.4,000 వేస్తే రూ.12,000. ఇవన్నీ పన్నులు కలుపుకున్న అంకెలే.

ఇక మిగిలింది టీ, స్నాక్స్. మనిషికి రూ.120 చొప్పున రూ.8,640. హాలు ఆసుపత్రిదే కాబట్టి అద్దె సున్నా. ఆ సున్నాను కూడా ఒక వరుసలో రాయడం మంచిది. వచ్చే ఏడాది హాలు దొరక్క బయట తీసుకోవాల్సి వస్తే ఖర్చు ఎందుకు పెరిగిందని ఎవరూ వెతుక్కోనక్కర్లేదు.

అన్నీ కూడితే రూ.2,35,800. దాన్ని 72తో భాగిస్తే తలకు రూ.3,275.

చాలా బడ్జెట్లు ఇక్కడితో ఆగిపోతాయి. కానీ ఆ నాలుగున్నర గంటలూ నర్సులు వార్డులో ఉండరు. వాళ్ల సమయానికీ ఆసుపత్రి జీతం ఇస్తోంది. పీఎఫ్, ఈఎస్ఐ వాటాలతో కలిపి ఒక నర్సు మీద నెలకు రూ.22,600 ఖర్చు అనుకుంటే, నెలకు 208 పని గంటల లెక్కన గంటకు దాదాపు రూ.109. నాలుగున్నర గంటలకు రూ.490. అందరికీ కలిపి రూ.35,280. అదీ చేరిస్తే తలకు రూ.3,765 అవుతుంది. దీనికి విడిగా చెక్కు రాయరు. అందుకే పైమొత్తంలో కలపకుండా కింద వేరే వరుసలో చూపాలి. చూపకపోతే మాత్రం ఇంకో నష్టం ఉంది. జీతం కాగితాల మీద కనిపించని సమయాన్ని ఉద్యోగి విశ్రాంతిలోంచి తీసేసుకునే అలవాటు మొదలవుతుంది. రాత్రంతా ఐసీయూలో నిలబడి పొద్దున ఎనిమిదికి దిగిన నర్సును ఎనిమిదిన్నర బ్యాచ్‌లో కూర్చోబెడితే, బొమ్మ ఛాతీ దగ్గర ఆమె చేతులు నిలవవు. పరీక్ష పోతుంది, బడ్జెట్‌లోని రూ.3,275 కూడా దాంతో పాటే పోతుంది. కాబట్టి డ్యూటీ చార్టు వేసే నర్సింగ్ సూపరింటెండెంట్ సంతకం ఈ కాగితం మీద హెచ్ఆర్ సంతకం కన్నా ముందే పడాలి. ఏ వార్డు నుంచి ఒకేసారి ఎందరిని వదలగలరో, రాత్రి డ్యూటీ దిగినవాళ్లు ఏ రోజు వస్తారో, డ్యూటీ కాని వేళ వచ్చినవాళ్లకు బదులు సెలవు ఎప్పుడిస్తారో ఆమెకే తెలుసు.

ఇప్పుడు ఆ రూ.3,275ను విప్పి చూద్దాం. అందులో రెండు రకాల డబ్బు కలిసి ఉంది. పుస్తకం, సామగ్రి, టీ కలిపి రూ.1,470 అన్నది మనిషి వస్తేనే అయ్యే ఖర్చు. మిగతా రూ.1,805 ట్రైనర్లు, కారు, హోటల్, బొమ్మల అద్దె నుంచి వచ్చింది. ఆ మొత్తం రూ.1,29,960. హాలులో పది మందే కూర్చున్నా అది తగ్గదు.

శిక్షణ రోజుల్లోనే ఊళ్లో జ్వరాలు పెరిగి వార్డులు నిండిపోయాయనుకోండి. 12 మందిని వదల్లేకపోయారు. 60 మందే వచ్చారు. అప్పుడు తలకు రూ.3,275 కాదు, రూ.3,636. రాని పన్నెండు మంది కోసం వేసిన స్థిర ఖర్చును వచ్చిన అరవై మంది మోశారు. పైగా ఆ పన్నెండు మందికి మళ్లీ ఎప్పుడో ఇంకో రోజు కార్యక్రమం పెట్టాలి.

ఎక్కువ మంది వస్తే ఖర్చు తగ్గుతుందన్నదీ పూర్తిగా నిజం కాదు. కొత్తగా ఇద్దరు నర్సులు చేరారు, వాళ్లనూ కలిపి 74 మందికి చేయమన్నారనుకుందాం. ఆరు బ్యాచ్‌లు నిండిపోయాయి. ఏడో బ్యాచ్ కావాలి, అంటే నాలుగో రోజు. ఆ రోజుకు ట్రైనర్ల ఫీజు పన్నుతో రూ.28,320. ఒక రాత్రి హోటల్ రూ.5,000, భోజనాలు, ఆటోలు రూ.2,000, బొమ్మల అద్దె రూ.4,000, ఆ ఇద్దరి పుస్తకాలు, టీ కలిపి రూ.2,940. మొత్తం రూ.42,260. ఒక్కొక్కరికి రూ.21,130! అయితే 74 మందికి సగటు తీసిన కాగితం మీద ఇది రూ.3,758గా కనిపిస్తుంది. పెద్దగా పెరిగినట్టు అనిపించదు. సగటు అంకె దాచేది దీన్నే. శిక్షణ ఖర్చు ఏటవాలుగా పెరగదు, మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ఒక బ్యాచ్ నిండిన తర్వాత వచ్చే తొలి మనిషి కొత్త మెట్టు మొత్తం ఖర్చును నెత్తిన పెట్టుకుని వస్తారు.

అప్పుడు తప్పకుండా వినిపించే సలహా ఒకటుంది. రెండు బ్యాచ్‌లలో పదమూడేసి మందిని కూర్చోబెడితే సరిపోతుంది కదా అని. ఉపన్యాసమైతే సరిపోతుంది. చేతులతో నేర్చుకునే చోట సరిపోదు. నిర్ణీత సంఖ్య తప్పితే ఆ తరగతి నియమం ప్రకారం నడిచినట్టు కాదు, ఇచ్చే కార్డుకు విలువ ఉండదు. ఆ ఇద్దరినీ దగ్గర్లోని శిక్షణ కేంద్రంలో జరిగే బ్యాచ్‌కు పంపడం సరైన దారి. అక్కడ మనిషికి రూ.5,000 అడిగినా ఇక్కడి ఖర్చులో నాలుగో వంతు కూడా కాదు.

కొటేషన్లు పోల్చడంలోనూ ఈ రెండు రకాల డబ్బును విడదీయడమే కీలకం. ఒక కేంద్రం తలకు రూ.3,000, పుస్తకం కార్డు బొమ్మలు అన్నీ కలిపి అని రాసిందనుకుందాం. రూ.3,275 కన్నా తక్కువే కదా అనిపిస్తుంది. కింద చిన్న అక్షరాల్లో జీఎస్టీ అదనం, ప్రయాణం యాక్చువల్స్ అని ఉంటుంది. పన్ను కలిపితే రూ.3,540. 72 మందికి రూ.2,54,880. ప్రయాణం రూ.33,000 కలిపితే రూ.2,87,880. టీ ఖర్చు ఇంకా చేర్చకుండానే తలకు రూ.4,000కు రెండు రూపాయలు తక్కువ. అయితే ఆ కొటేషన్‌లోనూ ఒక సుగుణం ఉంది. రాని మనిషికి డబ్బు కట్టనక్కర్లేదు. కనీసం ఇంతమందికి కట్టి తీరాలన్న షరతు ఉందో లేదో చూసుకుంటే, వార్డులు ఎప్పుడు నిండుతాయో తెలియని ఆసుపత్రి ఆ అదనపు డబ్బును ఒక రకమైన బీమాగా ఎంచుకోవచ్చు. ఆ మాట నోట్‌లో రాసి ఎంచుకోవాలి.

మరీ తక్కువ ధర వచ్చిన కొటేషన్‌ను చూసినప్పుడు అడగాల్సింది బొమ్మల గురించి. ఎన్ని తెస్తారు? నొక్కిన లోతూ వేగమూ చూపే పరికరం వాటికి ఉందా? పెద్దవాళ్లకు చేసే సీపీఆర్ నేర్పడంలో ఆ పరికరం ఉండాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2019 జనవరి 31 నుంచి తప్పనిసరి చేసింది. పన్నెండు మందికి రెండే బొమ్మలు తెచ్చేవాళ్లు అద్దె సగానికి తగ్గించి చూపగలరు. ముగ్గురు పంచుకోవాల్సిన బొమ్మను ఆరుగురు పంచుకుంటారు, ఒక్కో నర్సు చేతులు ఛాతీ మీద ఉండే సమయం సగానికి పడిపోతుంది. తగ్గిన ఖర్చు ఎక్కడి నుంచి వచ్చిందంటే అక్కడి నుంచే.

హెచ్ఆర్ అధిపతి బల్ల మీదకు వెళ్లే నోట్ రెండు పేజీలు దాటనక్కర్లేదు. ఎవరికి, ఎందుకు, ఏ తేదీల్లో అన్నది ముందు. తర్వాత పద్దులు, ప్రతి పద్దు పక్కన అది స్థిరమా తలకు పడేదా అన్న గుర్తు. మూడు కొటేషన్లను ఒకే కొలతకు తెచ్చిన పోలిక. అనుకోని ఖర్చులకు అయిదు శాతం, అంటే రూ.11,790, విడి వరుసలో. అడిగే అనుమతి మొత్తం రూ.2,47,590. ఆ అయిదు శాతాన్ని పద్దుల్లో అక్కడక్కడా కలిపేసి దాచడం చాలాచోట్ల అలవాటు. అలా దాస్తే ఆ డబ్బు ఎందుకు ఖర్చయిందో ఎవరూ అడగరు, ఏటా అదే అంకె మీద ఇంకో అయిదు శాతం పేరుకుంటుంది. చివరగా 72 మంది రాకపోతే, 72 దాటితే ఏమవుతుందో చెప్పే రెండు వాక్యాలు. అనుమతి ఇచ్చేవాళ్లకు అన్నిటికన్నా ఉపయోగపడేవి ఆ రెండు వాక్యాలే. ఎందుకంటే తర్వాత ఫోన్లో వచ్చే ప్రశ్నలు ఎప్పుడూ వాటి గురించే.

కార్యక్రమం ముగిశాక అదే కాగితానికి మరో గడి చేరాలి. హాజరైనవాళ్లు 72 మందే కావచ్చు, కానీ రాతపరీక్షలో 84 శాతం తెచ్చుకుని, బొమ్మ మీద చేసి చూపించే పరీక్షలోనూ నెగ్గినవాళ్లకే కార్డు వస్తుంది. 69 మంది నెగ్గితే, కార్డు ఉన్న ఒక్కో నర్సుకు పడింది రూ.3,417. మిగతా ముగ్గురికి మళ్లీ అవకాశం ఎప్పుడు, ఎవరి ఖర్చుతో అన్నది ముందే మాట్లాడుకోవాలి. చాలా కేంద్రాలు అదే రోజు మళ్లీ నేర్పి పరీక్ష పెడతాయి. అందుకు బ్యాచ్‌ల మధ్య గంటో గంటన్నరో ఖాళీ ఉండేలా సమయాలు వేయాలి.

నర్సులు ఉద్యోగాలు మారతారు. ఇంకో ఆసుపత్రికో, గల్ఫ్‌కో, ఐరోపాకో వెళతారు. కార్డు వాళ్లతోనే వెళుతుంది. కార్డు వచ్చిన ఏడాదిలోపు మానేస్తే ఖర్చు తిరిగి కట్టాలని బాండు రాయించుకునే సంస్థలున్నాయి. కానీ అత్యవసర పని నేర్పినందుకు ఉద్యోగిని కట్టిపడేయడం కన్నా, వెళ్లేవాళ్ల స్థానంలో వచ్చేవాళ్ల కోసం మూడు నెలలకోసారి ఒక చిన్న బ్యాచ్‌కు బడ్జెట్‌లో ముందే చోటు ఉంచడం న్యాయంగానూ ఉంటుంది, లెక్కకూ నిలుస్తుంది. అలా తరచుగా చేయాల్సి వచ్చే ఆసుపత్రి ఇంకో దారి కూడా చూడొచ్చు. అనుభవమున్న ఇద్దరు నర్సులను ఇన్‌స్ట్రక్టర్ కోర్సుకు పంపి, బొమ్మలు సొంతంగా కొనుక్కోవడం. వాళ్లు ఒక గుర్తింపు ఉన్న శిక్షణ కేంద్రానికి అనుబంధంగానే నేర్పాలి, కార్డులు ఆ కేంద్రం ద్వారానే రావాలి, కాబట్టి పుస్తకం, కార్డు ఖర్చు పోదు. పోయేది ఆ స్థిర ఖర్చు రూ.1,29,960లో చాలా భాగం. ఆ పొదుపు ఎన్ని విడతల్లో బొమ్మల ధరను, కోర్సు ఫీజును పూడుస్తుందో ఈ కాగితం నుంచే లెక్క తీయొచ్చు.

బీఎల్ఎస్ కార్డు చెల్లేది రెండేళ్లు. మూడు రోజుల్లో 72 మందికీ ఇప్పిస్తే, రెండేళ్ల తర్వాత ఒకే వారంలో 72 కార్డుల గడువు ముగుస్తుంది. మళ్లీ అదే రద్దీ, అదే ఖర్చు ఒకేసారి. అందుకే కొన్ని ఆసుపత్రుల్లో మొదటి ఏడాది ఐసీయూ, ఎమర్జెన్సీ నర్సులు, రెండో ఏడాది మిగతా వార్డులు అని విడగొడతారు. ట్రైనర్లు రెండుసార్లు రావాలి, కారు ఖర్చు ఇంకోసారి రూ.12,000 పడుతుంది. దానికి బదులుగా ఏ నెలలో చూసినా వార్డుల్లో సగం మందికైనా చెల్లుబాటయ్యే కార్డు ఉంటుంది. ఆ తేదీల కోసం హెచ్ఆర్ రిజిస్టర్‌లో పేరు, ఉద్యోగి నంబరు పక్కన ఇంకో గడి గీస్తారు, గడువు ముగిసే నెల అని.